నలభై రెండు కిలోల వీడ్కోలు

[నల్లగొండ జిల్లా, సాగర్ ఎడమ కాలువ కింద ఒక ఊరు. యాసంగి వడ్ల కొనుగోలు అయిపోయినంక, సహకార సంఘం కల్లంలనే షామియానా వేసి కార్యదర్శికి పదవీ విరమణ సభ పెట్టిండ్రు. స్టేజీ పక్కన తులాభారం కోసం సెంటర్ కాంటా, బెల్లం దిమ్మలు. కార్యదర్శి ప్రసంగం రికార్డు అయినది అయినట్టుగా ఇది.]

చైర్మన్ గారికి, డైరెక్టర్లకు, మన వడ్లు దించుకునే మిల్లు సేటుకు, సంఘం అక్కలకు, హమాలీ తమ్ముళ్లకు, రైతులకు అందరికీ నమస్కారం. (చప్పట్లు)

చైర్మన్ గారు ఇప్పుడే అన్నరు, మన సెంటర్ల ఒక్క గింజ తేడా రాదని. నా వీడ్కోలు సభల అన్న మాట గనుక దానికి చిన్న సవరణ చెప్పాలె. తేమ మిషన్ కాడ ఒకటి రెండు పాయింట్లు తేడా వస్తది. అదొక్కటి చెప్పి కూసుంట.

చైర్మన్: చెప్పుండ్రి, చెప్పుండ్రి. రైతులకు అక్కరకొస్తది.

తేమ 17 శాతం దాకా కొనాలె, అది లెక్క. కానీ 17 అని చూపించే గింజ యాడికెళ్లి తీసినవన్నది ముఖ్యం. రాశి మీద గింజ ఎండకు మాడి ఉంటది, అడుగు గింజ పచ్చిగ ఉంటది. కొనబుద్ధి ఉన్ననాడు మీదికెళ్లి తీస్తం, లేనినాడు రాశిల మోచేయి దాకా చెయ్యి పెట్టి తీస్తం. రెండూ మిషన్ చూపించిన నిజాలే. అట్ల కాదు తియ్యాల్సింది. రాశికి నాలుగు దిక్కుల, నడుమ, మీద, అడుగున, అన్ని తావుల గుప్పెడు గుప్పెడు తీసి ఒక తట్టల కలిపి, అందులకెళ్లి మిషన్ గిన్నెకు పెట్టాలె.

ఇంకొకటి, ఎండలకెళ్లి అప్పుడే తీసిన వేడి గింజ పెడితే మన పిడి తిప్పే మిషన్ ఎక్కువ చూపిస్తది. నీడల పెట్టి చల్లారనియ్యాలె. పిడిని గుర్తు కాడికి సరిగ్గ బిగియ్యాలె. లూజుగ ఉంటే తక్కువ చూపిస్తది, దాటి బిగిస్తే ఎక్కువ. ముందటి రైతు పచ్చి గింజల పొడి గిన్నెకు అంటుకొని ఉంటే, ఎనుక రైతు వడ్లు ఎండినా పచ్చివే అయితయి. అందుకే బట్టతోటి తుడిచి, ఒకే తట్టకెళ్లి మూడుసార్లు చూసి నడిమి లెక్క రాసుకోవాలె. మన సెంటర్ల ఒక్కసారే చూస్తం. తుడుసుడు ఉండదు.

(డైరెక్టర్ ఒకాయన: బట్ట ఉన్నది గద సార్, మిషన్ పెట్టెలనే.) ఉన్నది. ఇంకా కవరు కూడ విప్పలే.

ఈ తేమ మాటల రైతుకు పోయేది ఇంకొకటి ఉన్నది. 17 దాకా కొంటమని బోర్డు పెట్టినం. నోటితోటి మాత్రం 14కు ఎండబెట్టుకొని రమ్మంటం. లెక్క చూడుండ్రి. 17 శాతం తేమ ఉన్న వంద క్వింటాళ్లల్ల వట్టి గింజ 83 క్వింటాళ్లు. దాన్ని 14కు ఎండబెడితే మొత్తం తూకం 96 క్వింటాళ్ల 51 కిలోలకు దిగుతది. మూడున్నర క్వింటాళ్లు గాలిల కలిసె. 2025-26 గ్రేడ్ ఏ మద్దతు ధర 2,389 రూపాయల లెక్కన ఎనిమిది వేల మూడు వందల పైచిలుకు. మూడు పాయింట్లు ఎక్కువ ఎండబెట్టినందుకు ఎవ్వరూ ఒక్క రూపాయి ఎక్కువ ఇయ్యరు.

(రైతు: మరి 14 అని ఎందుకు చెప్పిండ్రు?)

లారీ ఎన్నడొస్తదో తెల్వక. పచ్చిగ సంచులల్ల పడితే వేడెక్కి రంగు మారుతదని మా భయం. ఆ భయం ఖర్చు మీ మీద ఏసినం.

చైర్మన్: మంచిగ చెప్పిండ్రు. ఇగ శాలువ కప్పుదం...

కప్పుండ్రి. (శాలువ కప్పిండ్రు. చప్పట్లు.) కప్పుకొనే చెప్త. కాంటా సంగతొక్కటి చెప్పి కూసుంట.

మన కాంటా మంచిది. తూనికలు కొలతల వాళ్ల ముద్ర ఉన్నది, ఏటా చూపిస్తున్నం. కాంటా అబద్ధం ఆడదు. నిలబెట్టిన తీరు ఆడుతది. కల్లం నేల ఎగుడుదిగుడు, కింద ఇటుక ముక్క పెట్టి నిలబెడుతం. దాని మీద నీటి బుడగ ఉంటది, అది నడుమల ఉన్నదా అని చూసెటోడు లేడు. పళ్లెం కింద వడ్ల గింజలు ఇరికితే పళ్లెం కిందికి దిగదు, తక్కువ చూపిస్తది. ఇంకా పెద్ద మోసం కండ్ల ముందటనే జరుగుతది. పళ్లెం మీద పెట్టిన బస్తా పక్క బస్తాకు ఆనుకొని ఉంటది. ఆనుకున్నకాడికి బరువు పక్కదానికి పోతది, అంకె తక్కువ వస్తది. తక్కువ వచ్చిందని ఇంకో చాటెడు పోస్తం. ఆ చాటెడు రైతుదే.

(హమాలీ మేస్త్రి: సార్, మేమైతే కావాలని ఆనిచ్చలే.)

కావాలని కాదు తమ్మీ. ఎండల పొద్దుందాక ఏడెనిమిది వందల బస్తాలు తూస్తే, బస్తాకు బస్తాకు నడుమ జానెడు సందు ఎవరు చూస్తరు? అందుకే కాంటా చుట్టు గీత కొట్టి, గీత లోపల ఇంకో బస్తా పెట్టొద్దని చెప్పాలె. చెప్పాల్సింది మేము. చెప్పలే. పొద్దున మొదలుపెట్టేటప్పుడు 20 కిలోల ముద్ర రాయి పెట్టి చూడాలె, మధ్యాహ్నం ఇంకోసారి. ఆ రాయి ఎక్కడున్నదో తెలుసా?

(ఒక అక్క: ఆఫీసు తలుపు మూసుకోకుంట అడ్డం పెట్టిండ్రు.)

గదే.

(నవ్వులు. చైర్మన్ మైకు మీద చెయ్యి పెట్టిండు. కార్యదర్శి మైకు ఇంకో చేతికి మార్చుకున్నడు.)

ఇంకొక్కటి చెప్పి కూసుంట. ఖాళీ గన్నీ సంచి, కొత్తది, 580 గ్రాములు. వడ్లు 40 కిలోలు. కలిపితే 40 కిలోల 580. చిల్లర సర్ది 40 కిలోల 600 అని బోర్డు మీద రాసినం. నా చేతితోటే రాసిన, సున్నం పూసి ఎర్ర రంగుతోటి. ఇప్పుడు హమాలీ తమ్ముళ్లు చెప్పుండ్రి. ఈ యాసంగి కాంటా మీద ఏ అంకె రాంగనే సంచి దింపిండ్రు?

(ఎవ్వరూ మాట్లాడలే. ఎనుకకెళ్లి ఒక గొంతు: నలభై రెండు.)

నలభై రెండు. (గుసగుసలు) దీన్నే తరుగు అంటం. ఎందుకు తరుగు అంటే తాలు, మట్టి అంటం. తాలు మీదికి పోవాలంటే తూర్పార మిషన్ ఉన్నది, సెంటర్లనే ఉన్నది, రైతు అందుల ఏసి, డీజిల్ పైసలు కట్టి, పట్టించుకొని తెచ్చిండు. మట్టి, రాయి నూటికి ఒకటి దాకా, చెత్తా తాలూ ఇంకొకటి దాకా ఉన్నా కొనాలె, అది నాణ్యత లెక్కలనే ఉన్నది. ఆ లెక్కల ఉన్న వడ్లకు మళ్ల తూకంల కోత పెట్టుడంటే ఒక్క తాలుకు రెండుసార్లు కోసినట్టు.

తేమ ఆరుతదని ఇంకో కారణం చెప్తం. ఆరుతది, అబద్ధం కాదు. 17 మీద పట్టిన బస్తా లారీ కోసం వారం రోజులు మే ఎండకు పడి ఉంటే ఒక పాయింటు దిగొచ్చు. ఒక్క పాయింటుకు 40 కిలోల బస్తాల పోయేది ఎంత? 480 గ్రాములు గూడ నిండదు. మనం తీసేది కిలో 420 గ్రాములు. 14కు ఎండబెట్టి తెచ్చినాయన బస్తాలకెళ్లి ఆరనీకి ఏమున్నదని తియ్యాలె?

ఒక రైతు లెక్క చూద్దం. 250 బస్తాలు, కాయితం మీద వంద క్వింటాళ్లు. ఇచ్చింది బస్తాకు 41 కిలోల 420. మీద పోయింది 355 కిలోలు. రూపాయలల్ల ఎనిమిది వేల నాలుగు వందల ఎనభై. ట్యాబుల ఎంట్రీ పడేది వంద క్వింటాళ్లే. ఫోనుకు వచ్చే మెసేజీల గూడ వందే ఉంటది. చూసుకుంటే అంతా సరిగ్గనే ఉన్నట్టు కొడుతది. పోయింది కనవడాలంటే తూకం నాడు కాంటా మీది అంకెను రైతు సొంతంగ రాసుకోవాలె, బస్తా బస్తాకు. అంతకుమించి ఉపాయం లేదు.

చైర్మన్: కార్యదర్శి గారు అలసిపోయిండ్రు. బిర్యానీ సల్లవడుతున్నది. సేటు గారు ప్రేమతోటి చేపిచ్చిండ్రు...

బిర్యానీ మాట వచ్చింది గనుక మిల్లు మాట చెప్పాలె. సేటు, ఏమనుకోకుండ్రి. ఇదొక్కటి చెప్పి కూసుంట.

(మిల్లు సేటు కుర్చీల సర్దుకొని కూసున్నడు.)

లారీ మిల్లు గేటు కాడ రెండు దినాలు ఉంటది. డ్రైవర్ ఫోన్ చేస్తడు, ఎనుక మిల్లు గుమస్తా ఫోన్ చేస్తడు, 'తాలు ఉన్నది, బస్తాకు కిలో ఒప్పుకుంటె దించుకుంటం, లేకుంటె వాపస్.' వాపస్ వస్తే కిరాయి ఎవరు కట్టాలె, మళ్ల దించే కూలి ఎవరియ్యాలె? ట్రక్ షీటు మీద మిల్లు సంతకం పడకుంటె రైతుకు పైసలు పడయి. గందుకని రైతుకు ఫోన్ చేసి, 'ఒప్పుకో, లేకుంటె లేటయితది' అంటం. ఆయన ఒప్పుకుంటడు. పొలం కౌలు కట్టాల్నాయె, మందుల దుకాణంల బాకీ ఉండె. 250 బస్తాలకు 250 కిలోలు, ఐదు వేల తొమ్మిది వందల డెబ్బై రెండు రూపాయలు. ముందటి దానితోటి కలిపితే పద్నాలుగు వేల నాలుగు వందల యాభై.

మిల్లు సేటు: సార్, యాసంగి వడ్లు నూక ఎక్కువయితయి. మా నష్టం ఎవరు చూస్తరు?

నూక నిజమే సేటు, కాదనను. ఎండలు ముదిరి గింజ పగులుతది, పచ్చి బియ్యం పట్టిస్తే యాసంగిల నూక ఎక్కువే. అది సర్కారుతోటి మాట్లాడాల్సిన మాట, మీరు మాట్లాడుతనే ఉన్నరు. మీరు సర్కారుకు తిరిగి ఇచ్చేది క్వింటాలుకు 67 కిలోల బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68. ఆ క్వింటాలు కాయితం మీది క్వింటాలు. కాయితం మీద లేని 355 కిలోలకు బియ్యం ఎంతొస్తయి? అదే 67 లెక్కన దగ్గర దగ్గర రెండు క్వింటాళ్ల ముప్పై ఎనిమిది కిలోలు. ఒక్క రైతు మీదనే. వాటికి నూక ఎంత అయినా, లెక్క అడిగెటోడు లేడు గద?

(మిల్లు సేటు ఫోను తీసి చెవికి పెట్టుకున్నడు. ఫోను మోగలేదని ముందు వరుసల ఒకాయన గట్టిగ అన్నడు. నవ్వులు.)

(ఇక్కడ మైకు బంద్ అయింది. ఎవరు తీసిండ్రో తెల్వదు. హమాలీ మేస్త్రి లారీలను పిలిచే చేతి మైకు తెచ్చి ఇచ్చిండు. రికార్డు మళ్ల మొదలు.)

...వినవడుతున్నదా? మంచిది. ఇది ఆఖరిది.

బస్తాకు కిలో 420 చొప్పున, 600 బస్తాల లారీల 852 కిలోలు ఎక్కువ పోతయి. అంటే 21 బస్తాలు. ఒకోనాడు మిల్లు గుమస్తా మంచిగ ఉంటడు, కోత పెట్టడు, ఒచ్చినయి ఒచ్చినట్టు దించుకుంటడు. మరి ఆనాడు ఆ 21 బస్తాలు రైతులకు వాపస్ పోవాలె గద? పోయినయా?

(రైతులు: లేదు!)

వడ్లు సెంటర్ల ఉండయి, మిల్లుల పడ్డయి, కాయితం మీద లేవు. కాయితం మీదికి రావాలంటే ఒక పేరు, ఒక పాసుపుస్తకం, ఒక బ్యాంకు ఖాత కావాలె. (జేబులకెళ్లి నల్ల అట్ట పుస్తకం తీసిండు.) ఇది సంఘం పుస్తకం కాదు. సంఘం పుస్తకానికి ఎర్ర అట్ట. ఇది రెండోది.

చైర్మన్: అది నాకియ్యుండ్రి, నేను చూస్త.

మీరు రోజూ చూస్తనే ఉన్నరు గద సార్, మీ సంతకాలు ఉన్నయి. (పుస్తకం ఎనుకకు పట్టుకున్నడు.) ఇందుల ఒక పేరు మీద మూడు ఎకరాలకు 180 బస్తాలు ఎక్కినయి. ఎకరానికి 60, మంచి దిగుబడి. ఆ సర్వే నంబరు నేను పోయి చూసిన. గుట్ట. కింద బండరాయి, మీద సీతాఫలం చెట్లు. కాలువ దానికి ఇరవై నిలువుల కిందికి ఉన్నది.

(కేకలు: ఎవరి పేరు? ఎవరి పేరు?)

చైర్మన్ గారి బావమరిది.

(పెద్ద గోల. చైర్మన్ లేచి నిలబడి, "సీతాఫలాలు గూడ పంటనే" అన్నడు. ఏదో ఇంకా అన్నడు, వినవడలే.)

కూసోండ్రి, కూసోండ్రి అందరు. ఎవరి మీద చెయ్యి ఎత్తొద్దు, నేను పేరు చెప్పింది కొట్టుమని కాదు. ఈ పుస్తకం జిరాక్స్ పొద్దున జిల్లా ఆఫీసుల ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబరు ఏపిచ్చుకొని వచ్చిన. ప్రతి పేజీ మీద లారీ నంబరు, తారీకు, ట్రక్ షీటు నంబరు ఉన్నయి. మీరు చెయ్యాల్సింది వేరే ఉన్నది. ఎవరి దగ్గర కాంటా నాడు రాసుకున్న చీటి ఉన్నదో, అగ్గిపెట్టె మీద రాసుకున్నా సరే, దాన్ని ఈ పేజీలతోటి తారీకు పట్టి కలుపుండ్రి. లారీ నంబరు కలిస్తే మీ బస్తాలు ఏ పేరు మీదికి పోయినయో తేలుతది. చీటి లేనోళ్లకు కష్టమే, వాళ్లకు నేను ఇది ఇప్పిస్త అని చెప్పలేను.

వానకాలం సెంటర్ తెరిచిన నాడు నాలుగు పనులు అడుగుండ్రి. ముద్ర రాయి కాంటా మీద పెట్టి చూపెట్టుమనుండ్రి. పది బస్తాలల్ల ఏదన్న ఒకటి విడిగా, పక్కది ఆనకుండ, మళ్ల తూయించుండ్రి. ప్రతి బస్తా అంకె బయటికి చదువుమనుండ్రి, కాంటా కాడ కూసున్నోడు మనసుల చదువుకొనుడు కాదు. 40 కిలోల 600 దాటితే ఆపి, కారణం కాయితం మీద రాయుమనుండ్రి. రాసుడు అనంగనే సగం తరుగు అక్కడనే ఆగుతది.

నా మాట అయిపోయింది. (చాలాసేపు చప్పట్లు. స్టేజీ మీద మూడు కుర్చీలు ఖాళీ.)

[తర్వాత తులాభారం. కార్యదర్శిని దండలతోటే కాంటా మీదికి ఎక్కిచ్చిండ్రు.]

హమాలీ మేస్త్రి: డెబ్బై కిలోల నాలుగు వందలు!

ఆగు తమ్మీ. దండలు, శాలువ సంచి లెక్క. తీసి మళ్ల చూడు.

హమాలీ మేస్త్రి: అరవై ఎనిమిది కిలోల ఐదు వందలు. ఇగ బెల్లం పెడుతున్న. సార్, బెల్లానికి తరుగు ఎంత పెట్టాలె?

బుడగ నడుమల ఉన్నదా చూడు. పళ్లెం కింద గింజలు ఊడువు. సున్నా రానియ్యి. ఇప్పుడు పెట్టు, ఎంత ఉంటే అంత. అక్కా, మీరు బయటికి చదువుండ్రి.

అక్కలు (అంకె మారినప్పుడల్ల ఒక్క గొంతుతోటి): నలభై... నలభై కిలోల ఆరు వందలు...

(అక్కడికి రాంగనే అలవాటుకొద్దీ మేస్త్రి ఇంకో దిమ్మకు చెయ్యి చాపి, ఆగి, అందరి దిక్కు చూసిండు.)

పెట్టు తమ్మీ. ఇది బెల్లం. అరవై ఎనిమిదిన్నర దాకా పెట్టాలె.

అక్కలు: యాభై రెండు... అరవై ఒకటి... అరవై ఎనిమిది... అరవై ఎనిమిదిన్నర! ఆపు!